"ఎన్నో మార్పులు తెచ్చింది" అనే థీసిస్‌ని నిలబడే వాదనగా బిగించడం

ప్రశ్న: హిస్టరీ ఎస్సే రాస్తున్నాను, 2000 పదాలు. టాపిక్ 14వ శతాబ్దపు ప్లేగు మహమ్మారి బ్లాక్ డెత్ ఇంగ్లండ్ మీద చూపిన ప్రభావం. నా థీసిస్, అంటే ఎస్సే మొత్తం నిరూపించాల్సిన ప్రధాన వాక్యం, ఇది: "బ్లాక్ డెత్ ఇంగ్లండ్ సమాజంలో ఎన్నో ముఖ్యమైన మార్పులు తెచ్చింది." మేడమ్ దాని పక్కన "మరీ వదులుగా ఉంది, అసలు నువ్వు ఏం వాదిస్తున్నావు?" అని రాసి వెనక్కి ఇచ్చారు. నాకు చాలా సమాచారం ఉంది, కానీ వాదన ఎక్కణ్ణుంచి తేవాలో అర్థం కావట్లేదు. టెన్షన్‌గా ఉంది.

జవాబు:

ముందు మీ వాక్యం మీద ఒక చిన్న పరీక్ష పెట్టండి. "బ్లాక్ డెత్" తీసేసి "మొదటి ప్రపంచ యుద్ధం" అని పెట్టండి. "ఇంగ్లండ్" బదులు "ఫ్రాన్స్" అనండి. వాక్యం చెక్కుచెదరలేదు, పైగా ఇప్పుడు కూడా నిజమే. ఏ సంఘటన పేరు పెట్టినా, ఏ దేశం పేరు పెట్టినా నిజమయ్యే వాక్యం మీ టాపిక్ గురించి ఏమీ చెప్పనట్టే. మేడమ్ వదులు అన్నది దీన్నే. జనాభాలో మూడో వంతు నుంచి సగం దాకా పోయిన తర్వాత మార్పులు రాలేదని ఎవరంటారు? ఎవరూ కాదనని చోట వాదించడానికి ఏమీ ఉండదు.

ఇక్కడ చాలామంది చేసే మొదటి రిపేరు ఇలా ఉంటుంది: "బ్లాక్ డెత్ ఇంగ్లండ్‌ని ఆర్థికంగా, సామాజికంగా, మతపరంగా మార్చింది." ఇది వాదన కాదు, విషయసూచిక. ఇలాంటి థీసిస్‌తో మొదలైన ఎస్సేలో మూడు పెద్ద పేరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండా పక్కపక్కన పడి ఉంటాయి. దీన్ని దాటేయండి.

రెండో రిపేరు కొంచెం మెరుగు: "బ్లాక్ డెత్ వల్ల కూలీల కొరత వచ్చింది, కూలి పెరిగింది, సెర్ఫ్ వ్యవస్థ అంతరించింది." సెర్ఫ్ అంటే భూస్వామి భూమికి కట్టుబడి, అతని అనుమతి లేకుండా వదిలి వెళ్లలేని రైతు. ఇప్పుడు కనీసం ఒక కారణం, ఒక ఫలితం ఉన్నాయి. ఎవరైనా కాదనొచ్చు కూడా. నిజానికి కాదంటారు, వాళ్ల దగ్గర బలమైన ఆధారాలు ఉన్నాయి. ప్లేగు 1348లో ఇంగ్లండ్‌లో అడుగుపెట్టింది. కానీ ధాన్యం ధరలు 1370ల మధ్య దాకా ఎక్కువగానే ఉన్నాయి. చేతికొచ్చే కూలి పెరిగినా దాంతో కొనగలిగింది అంతగా పెరగలేదు. అసలు పెరుగుదల 1375 తర్వాతి మాట. సెర్ఫ్ వ్యవస్థ అయితే 15వ శతాబ్దంలోకి కూడా ఈడ్చుకుంటూ వెళ్లి నెమ్మదిగా కరిగింది. అన్నిటికంటే పెద్ద చిక్కు తూర్పు యూరప్. అక్కడ తర్వాతి శతాబ్దాల్లో సెర్ఫ్ వ్యవస్థ సడలకపోగా ఇంకా బిగిసింది. జనం తగ్గితే చాలు, రైతుకి స్వేచ్ఛ వస్తుందనే సూత్రం అక్కడ ఎందుకు పనిచేయలేదు? చరిత్రకారులు దీని మీద దశాబ్దాలుగా కొట్టుకుంటున్నారు. 2000 పదాల్లో దాన్ని మీరు తేల్చలేరు.

అంటే ఆ వాక్యానికి పదును ఉంది గానీ నిలబడదు. అయినా అది పనికొచ్చింది, ఎందుకంటే అది ఎక్కడ విరుగుతుందో చూశాం. మంచి థీసిస్ సాధారణంగా ఆ విరిగే చోటే దొరుకుతుంది. మీ దగ్గరున్న సమాచారంలో ఒకదానికొకటి పొసగని రెండు విషయాలు వెతకండి. నాకైతే ఇది కనిపిస్తోంది. 1381లో ఇంగ్లండ్‌లో పెద్ద రైతుల తిరుగుబాటు జరిగింది. అప్పటికి ప్లేగు మొదటిసారి వచ్చి 33 ఏళ్లు. ప్లేగు తర్వాతి దశాబ్దాల్లో పనిచేసేవాళ్ల పరిస్థితి మొత్తం మీద మెరుగుపడుతోంది, తిరుగుబాటుకి ముందు ఐదారేళ్లలో అయితే బాగా మెరుగుపడింది. మరి బాగుపడుతున్నవాళ్లు ఎందుకు తిరగబడ్డారు? పొట్టకి లేక తిరగబడ్డారనే సులువైన జవాబు ఇక్కడ చెల్లదు. ఇలా "అదేంటి?" అనిపించే చోటు దొరికిందంటే మీ థీసిస్ సగం దొరికినట్టే, ఎందుకంటే ఇప్పుడు మీ వాక్యం ఒక ప్రశ్నకి జవాబు అవుతుంది. మీ పాత వాక్యం ఏ ప్రశ్నకీ జవాబు కాదు.

ఇప్పుడు జవాబుకి ఒక ముతక రూపం ఇద్దాం. ప్లేగు తర్వాత చేతులు తక్కువ, పని ఎక్కువ. కూలీలు ఎక్కువ అడగడం మొదలుపెట్టారు. మూడో ఎడ్వర్డ్ ప్రభుత్వం 1349 జూన్‌లో ఒక ఆర్డినెన్స్, 1351లో పార్లమెంటు ద్వారా కూలీల చట్టం తెచ్చింది. ప్లేగుకి ముందున్న రేట్లకే పనిచేయాలి, పిలిస్తే రానంటే శిక్ష. 1351 చట్టంలో పని పనికీ రేటు ఉంది: కోత కోసేవాళ్లకి ఆగస్టు మొదటి వారం రోజుకి 2 పెన్నీలు, రెండో వారం 3 పెన్నీలు. ఎసెక్స్ కౌంటీలో 1352లోనే వేల మందికి జరిమానాలు పడ్డాయి. ఇక్కడ ఒక విషయం గమనించండి. అంతకుముందు రైతుకీ భూస్వామికీ మధ్య గొడవ అంటే అది ఆ ఊరి భూస్వామి సొంత కోర్టు, అంటే మేనర్ కోర్టులో తేలే గొడవ. ఈ చట్టం వచ్చాక కూలి రేటు రాజుగారి న్యాయమూర్తుల ముందు తేలే విషయమైంది. దీన్ని పట్టుకుని మూడో ముసాయిదా రాయొచ్చు:

"1381 తిరుగుబాటుకి మూలం పేదరికం కాదు. ప్లేగు తర్వాత కూలీలకి వచ్చిన బేరమాడే బలాన్ని అణచడానికి రాజు ప్రభుత్వం చట్టాన్ని వాడటం వల్ల, భూస్వామి మీద ఉండే కోపం ప్రభుత్వం మీదికి మళ్లింది."

మొదటి వాక్యం పక్కన పెట్టి చూడండి. ఇందులో సంఘటన పేరు మార్చితే అర్థం పోతుంది. కాదనడానికి చోటుంది: "అదేం కాదు, తలపన్ను వల్ల జరిగింది" అని ఒకరు అనొచ్చు, "సెర్ఫ్ వ్యవస్థ మీద పాత కోపమే" అని మరొకరు అనొచ్చు. క్రియలో కూడా తేడా చూడండి. "ప్రభావం చూపింది", "మార్పులు తెచ్చింది", "కీలక పాత్ర పోషించింది" లాంటివి ఎలా జరిగిందో చెప్పకుండా తప్పించుకునే మాటలు. "మళ్లింది" అనగానే ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఎవరు మళ్లించారు, ఏ ఆధారంతో అంటున్నారు అని అడగొచ్చు. అడగడానికి వీలున్న క్రియ మీకు పని పెడుతుంది, అది మంచిదే.

ఇక నిలబడుతుందా లేదా చూడాలి. దీనికి నేను విద్యార్థులతో చేయించే పని ఒకటుంది. థీసిస్ కింద గీత గీసి, "ఇది నిజం కావాలంటే ఇంకా ఏవేవి నిజం కావాలి?" అని రాసుకోవాలి. మన వాక్యానికి మూడు వస్తాయి. ఒకటి, ఆ చట్టం కాగితం మీద మిగిలిపోకుండా జనం మీద నిజంగా అమలై ఉండాలి, అదీ 1350ల్లోనే కాదు, తిరుగుబాటు దగ్గర దాకా. రెండు, తిరగబడినవాళ్లు తమ కష్టానికి ప్రభుత్వాన్ని బాధ్యుణ్ణి చేసినట్టు వాళ్ల చేతల్లోనో మాటల్లోనో కనబడాలి. మూడు, ఈ మళ్లింపులో చట్టం పాత్ర, మిగతా కారణాలన్నీ లెక్కేసుకున్నాక కూడా మిగలాలి.

మొదటిది పెద్ద కష్టం కాదు. జరిమానాల రికార్డులు ఉన్నాయి. 1360ల్లో ఈ చట్టం అమలు కౌంటీల్లో రాజు నియమించిన స్థానిక న్యాయాధికారులైన జస్టిస్ ఆఫ్ ది పీస్‌ల చేతికి వచ్చింది. 1376లో కూడా పార్లమెంటులో కామన్స్ సభ్యులు, కూలీలు యజమానుల్ని వదిలి ఊళ్లు పట్టి తిరుగుతున్నారని ఫిర్యాదు చేశారు. ఒక పాతికేళ్లు గడిచినా గొడవ చల్లారలేదన్నమాట. ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న వస్తుంది: కూలి నిజంగానే పెరిగింది కదా, అంటే చట్టం విఫలమైనట్టే కదా? లెస్టర్‌లోని మఠానికి చెందిన హెన్రీ నైటన్ తన క్రానికల్‌లో, కూలీలు రాజాజ్ఞని లెక్కచేయనంత తలబిరుసుగా ఉన్నారని వాపోయాడు. కానీ మీ థీసిస్‌కి చట్టం గెలవాల్సిన అవసరం లేదు. కూలి రేటుని పట్టి ఉంచలేకపోయినా, జరిమానా కట్టినవాడికి ఎవరు కట్టించారో గుర్తుంటుంది. మీ వాక్యానికి ఏం అవసరమో, ఏం అవసరం లేదో ఇలా విడదీసుకుంటే సగం అభ్యంతరాలు వాటంతటవే పోతాయి. నైటన్ భూమి ఉన్న మఠం మనిషని, అంటే యజమానుల వైపు నుంచి మాట్లాడుతున్నాడని ఒక ముక్క రాయడం మరిచిపోకండి.

రెండోది అసలు పరీక్ష. మూడింట్లో ఇదే బలహీనం. తిరగబడినవాళ్లు స్వయంగా రాసి పెట్టింది దాదాపు ఏమీ లేదు, వాళ్ల గురించి వాళ్లంటే పడనివాళ్లు రాసినవే ఎక్కువ. "రైతులు ప్రభుత్వాన్ని ద్వేషించారు" అని రాస్తే, వాళ్ల మనసులో ఏముందో మీకెలా తెలుసని అడుగుతారు. అందుకే మనసు వదిలేసి చేతలు చూడండి. జూన్ 14న లండన్ టవర్‌లోంచి బయటికి లాగి చంపింది ఎవర్ని? ఛాన్సలర్‌గా ఉన్న ఆర్చ్‌బిషప్ సడ్‌బరీని, ట్రెజరర్ హేల్స్‌ని. ఇద్దరూ ప్రభుత్వం పైమెట్టు మీద ఉన్నవాళ్లు. అదే రోజు మైల్ ఎండ్ దగ్గర పద్నాలుగేళ్ల రాజు రెండో రిచర్డ్ ముందు పెట్టిన కోరికలు ఆ కాలపు చరిత్ర గ్రంథం అనోనిమాల్ క్రానికల్‌లో ఉన్నాయి. సెర్ఫ్ వ్యవస్థ పోవాలి, భూమి కౌలు ఎకరానికి 4 పెన్నీలు ఉండాలి అన్నవి అందరూ రాస్తారు. పక్కనే ఇంకోటి ఉంది: ఎవరూ తన ఇష్టం లేకుండా, ఒప్పందం లేకుండా ఇంకొకరి దగ్గర పనిచేయనక్కర్లేదు. ఇది 1349, 1351 చట్టాలకి ముఖాముఖి జవాబు. పిలిస్తే పనికి రావాల్సిందేనని చట్టం అంటే, మా ఇష్టమైతేనే వస్తామని వీళ్లు అడిగారు. మీ ఎస్సేలో ఒక్క ఆధారం మీదే ఒక పేరా మొత్తం రాయాల్సి వస్తే దీని మీద రాయండి.

మూడోది, ఎదురు వాదన. ఇక్కడ తలపన్నుని తప్పించుకోలేరు. 1377లో తలకి 4 పెన్నీలు, 1379లో అంతస్తుని బట్టి, 1380 చివర్లో ఆమోదించినది 12 పెన్నీలు. తిరుగుబాటు రాజుకున్నదే ఆ పన్ను ఎగవేతల మీద విచారణకి అధికారులు ఎసెక్స్‌లోని బ్రెంట్‌వుడ్‌కి వచ్చినప్పుడు, 1381 మే చివర్లో. దీన్ని చూసీ చూడనట్టు వదిలేస్తే మీ ఎస్సే మొదటి ప్రశ్నకే కూలిపోతుంది. థీసిస్‌లోకే తీసుకురండి, కానీ దాని స్థానం ఏంటో చెప్పండి. తలపన్ను తిరుగుబాటు ఎప్పుడు మొదలైందో చెబుతుంది. పన్ను కోసమే అయితే కోరికల్లో పని ఒప్పందం గురించి ఎందుకు ఉందో అది చెప్పలేదు. ఈ తేడా మీ వాదనకి గట్టి ఆసరా.

(ఒక మాట. చట్టం రేటు ప్రకారం కోత కూలి 2, 3 పెన్నీలు, పన్ను 12 పెన్నీలు, అంటే నాలుగు నుంచి ఆరు రోజుల కూలి అని లెక్కేయాలని మీకు అనిపిస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, కానీ వాడకండి. 1381 నాటికి నిజంగా చేతికొస్తున్న కూలి చట్టం రేటు కంటే ఎక్కువ. మీ థీసిస్సే అది చెబుతోంది. మీ లెక్కే మీ వాదనని పొడుస్తుంది.)

ఇంకో ఎదురు వాదన కూడా బలమైనదే. తిరగబడినవాళ్లు మేనర్ కోర్టు రికార్డుల్ని చాలాచోట్ల తగలబెట్టారు. అంటే కోపం ఇంకా ఊరి భూస్వామి మీదే ఉంది కదా? సెయింట్ ఆల్బన్స్ లాంటి చోట అక్కడి మఠంతో ఊరివాళ్ల తగాదా ప్లేగుకంటే చాలా పాతది. అక్కడికి మీ థీసిస్ తీసుకెళితే నిలబడదు. ఇలాంటప్పుడు రెండు తప్పులు జరుగుతాయి. కొందరు సెయింట్ ఆల్బన్స్ పేరెత్తకుండా దాటేస్తారు. కొందరు భయపడి "కొంతవరకు", "ఒక విధంగా", "బహుశా" అని వాక్యం నిండా మెత్తలు పెడతారు. "కొంతవరకు" అంటే ఎంతవరకో మీకూ తెలియదు, చదివేవాళ్లకీ తెలియదు. బలం తగ్గించకుండా హద్దు గీయండి. "ఇంగ్లండ్" అనడం మానేసి "ఎసెక్స్, కెంట్" అనండి.

హద్దు గీస్తే వాదన చిన్నదైపోతుందని అనుకుంటారు. ఇక్కడ మాత్రం ఇంకా గట్టిపడుతుంది, దానికి కారణం కెంట్. లండన్ మీదికి నడిచిన జనంలో కెంట్ వాళ్లు ముందున్నారు, వాట్ టైలర్ నాయకత్వంలో వచ్చింది వాళ్లే. కానీ కెంట్ ఆచారం ప్రకారం అక్కడ పుట్టినవాళ్లంతా స్వేచ్ఛాపరులే, సెర్ఫ్‌లు కారు. కాబట్టి సెర్ఫ్ వ్యవస్థ మీద కోపమే తిరుగుబాటుకి కారణమైతే కెంట్‌ని వివరించడం కష్టం. 1349 ఆర్డినెన్స్ మాత్రం స్వేచ్ఛాపరులకీ, సెర్ఫ్‌లకీ ఇద్దరికీ వర్తిస్తుందని స్పష్టంగా చెప్పింది. ఎసెక్స్ సెర్ఫ్‌కీ, కెంట్ స్వేచ్ఛాపరుడికీ ఉమ్మడిగా మెడకి చుట్టుకున్నది రాజు ప్రభుత్వం, దాని చట్టం, దాని పన్ను. ఈ పోలిక మీ ఎస్సేకి గుండెకాయ. ఇంత పెద్ద టాపిక్‌లో ఇది వాక్యాన్ని ఇరుకు చేసిన తర్వాతే కనబడింది.

అయితే కెంట్‌లోనే మీకు ఇంకో ప్రత్యర్థి ఉన్నాడు. 1377 నుంచి ఫ్రెంచి దాడులు దక్షిణ తీరాన్ని వేధించాయి. పన్నులు కట్టించుకుని కాపాడలేకపోతున్నారనే అసంతృప్తి ప్రభుత్వం మీదే కదా? అది కూడా కోపాన్ని ప్రభుత్వం మీదికి మళ్లించగలదు. దీన్ని ఓడించక్కర్లేదు. యుద్ధం వల్ల ప్రభుత్వం మీద కోపం వచ్చి ఉండొచ్చని ఒప్పుకుని, పని ఒప్పందం కోరిక ఎక్కణ్ణుంచి వచ్చిందో యుద్ధం చెప్పదని రెండు వాక్యాల్లో రాస్తే చాలు.

ఇవన్నీ లెక్కేసుకుంటే వాక్యం ఇలా మారుతుంది:

"ఎసెక్స్, కెంట్‌లలో 1381 తిరుగుబాటుని రాజేసింది తలపన్నే అయినా, అది భూస్వాముల మీద కాకుండా రాజు ప్రభుత్వం మీద గురిపెట్టడానికి ముఖ్య కారణం ప్లేగు తర్వాతి కూలీల చట్టాలు. సెర్ఫ్‌లనీ, స్వేచ్ఛాపరులనీ తేడా లేకుండా పనిచేసేవాళ్లందరినీ ఒకే చట్టం కిందికి తెచ్చి, ఊరి గొడవని ప్రభుత్వంతో గొడవగా మార్చినవి అవే."

ఇది రెండు వాక్యాలు. థీసిస్ ఒకే వాక్యంలో ఉండాలనే నియమం ఏమీ లేదు, ఒకే వాదన ఉంటే చాలు. "భూస్వాముల మీద కాకుండా" అన్నచోట మాత్రం జాగ్రత్త. మేనర్ రికార్డులు తగలబెట్టిన విషయం మీ మేడమ్‌కి తెలుసు. "భూస్వాములతో ఆగకుండా" అంటే ఆధారాలకి దగ్గరగా ఉంటుంది. చివరి ముసాయిదాలో అది మార్చుకోండి. ఒక్క మాట ఎక్కువ పలికినందుకే మార్కులు పోయిన ఎస్సేలు చాలా చూశాను.

అటువైపు కూడా జారిపోకండి. ఇరుకు చేయమన్నారు కదా అని "1351లో కూలీల చట్టం కూలి రేట్లని నిర్ణయించింది" అని రాస్తే అది చాలా నిర్దిష్టంగా ఉంటుంది, కానీ అది వట్టి సమాచారం. ఎదురు చెప్పే మనిషి దొరకడు. మీ థీసిస్ చదివి "లేదు, ఎందుకంటే..." అని చరిత్ర తెలిసిన మనిషి మొదలుపెట్టగలగాలి, మీరు దానికి జవాబు చెప్పగలగాలి.

పేరాల వరస గురించి వేరే ఆలోచించనక్కర్లేదు. ఇందాక రాసుకున్న మూడు షరతులే మీ మూడు భాగాలు. చట్టం అమలుకి 400 పదాలు, మైల్ ఎండ్ కోరికలకీ, దాడులకి గురైనవాళ్లకీ 600, తలపన్నుతో, యుద్ధంతో, సెయింట్ ఆల్బన్స్‌తో తేల్చుకోవడానికి 500 ఇవ్వండి. ప్లేగు లక్షణాలు, అది ఏ ఓడరేవులో దిగింది, ఎంతమంది చనిపోయారు అన్నవన్నీ కలిపి నాలుగు వాక్యాలు దాటకూడదు. మీరు సేకరించిన సమాచారంలో సగం ఇక్కడే రాలిపోతుంది. బాధగానే ఉంటుంది, కానీ థీసిస్ ఉన్నదే ఏది రాయాలో, ఏది వదిలేయాలో చెప్పడానికి.

రాయడం మాత్రం కెంట్ పేరాతో మొదలుపెట్టండి, ఉపోద్ఘాతంతో కాదు. మీ దగ్గరున్న పుస్తకాల్లో కెంట్‌లో కూలీల చట్టం అమలైనట్టు చూపించే ఆధారం దొరికితే వాదన నిలబడినట్టే. దొరక్కపోతే థీసిస్‌లోంచి కెంట్ తీసేసి ఎసెక్స్ ఒక్కదానికే రాయండి. అప్పుడు "సెర్ఫ్‌లనీ, స్వేచ్ఛాపరులనీ తేడా లేకుండా" అన్న ముక్క కూడా వదులుకోవాలి, ఎందుకంటే దాని బరువంతా కెంట్ మీదే ఉంది. జరిమానాల రికార్డులూ, బ్రెంట్‌వుడ్ గొడవా రెండూ ఎసెక్స్‌లోనే ఉన్నాయి కాబట్టి 2000 పదాలకి అదొక్కటే సరిపోతుంది.